నట్టల మందు ఎంత పట్టాలి? ఛాతీ టేపుతో పశువు బరువు కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాడి ఉన్న ఇళ్లలో నట్టల మందు పట్టించే రోజు రాగానే ఒకే ప్రశ్న వస్తుంది, "ఎంత పొయ్యాలి?" అని. సీసా మీద కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని రాసి ఉంటుంది. మన గేదె ఎన్ని కిలోలో మనకు తెలియదు. దాంతో చాలామంది అంచనాగా ఒక సీసా పోసేసి ఊరుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. ఊళ్లో వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. ఎక్కువగా గేదెల గురించీ, ఆల్బెండజోల్ అనే నట్టల మందు గురించీ రాశాను, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. లెక్క పద్ధతి మాత్రం వేరే మందులకూ ఇదే.

కంటితో చూసి బరువు చెప్పలేమా? ఇన్నేళ్లుగా పశువుల్ని చూస్తున్నాం కదా.

సంతలో బేరానికి ఆ అంచనా పనికొస్తుంది, మందుకు సరిపోదు. మా ఇంట్లో ముర్రా జాతి కలిసిన గేదె ఒకటి ఉండేది. నాలుగు వందల కిలోలు ఉంటుందని ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్లం. ఆ లెక్కనే 120 మి.లీ. మందు పోశాం. రెండు వారాలైనా పేడ పల్చగానే పడుతోంది, వెంట్రుక నునుపు రాలేదు. పేడ పరీక్ష చేయిస్తే నట్టల గుడ్లు ఇంకా కనిపించాయి. అప్పుడు టేపు పెట్టి కొలిస్తే 516 కిలోలు తేలింది. అంటే దానికి అందాల్సిన మందులో నాలుగింట మూడు వంతులకు కాస్త ఎక్కువ మాత్రమే అందింది.

పెద్ద పశువును తక్కువగా, చిన్న పశువును ఎక్కువగా అంచనా వేయడం మనందరికీ ఉన్న అలవాటు. తక్కువ మందు పడితే బలహీనమైన నట్టలు చచ్చి, మందును తట్టుకోగలిగినవి మిగిలిపోతాయి. వాటి పిల్లలే మీ పాకలో, మీ గడ్డి పొలంలో పెరుగుతాయి. కొన్నేళ్లకు అదే మందు సరైన కొలతలో పోసినా పని చేయదు. మేకల్లో, గొర్రెల్లో రక్తం పీల్చే నట్టల విషయంలో ఇది ఇప్పటికే మన దేశంలో పలుచోట్ల కనిపిస్తోంది.

టేపు సరిగ్గా ఎక్కడ చుట్టాలి?

ముందు పశువును చదునైన నేల మీద నిలబెట్టండి. నాలుగు కాళ్లూ సమంగా ఉండాలి. ముందు కాళ్లలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి ఉంటే ఛాతీ కొలత మారిపోతుంది. తల మామూలుగా ఎత్తుకుని ఉండాలి, తొట్టిలోకి వంచి ఉండకూడదు. అందుకే మేత వేస్తూ కొలవకండి. పొద్దున్నే, మేతా నీళ్లూ పెట్టకముందు కొలిస్తే పని సులువు. తలతాడు పట్టుకోవడానికి పశువుకు అలవాటైన మనిషి ఒకరు ఉండాలి.

టేపు ముందు కాళ్ల వెనక, మోచేతికి ఆనుకుని పైకి వెళ్లాలి. వీపు మీద భుజాల ఎముకల వెనక నుంచి దాటాలి. ఒంగోలు ఎద్దుకో ఆవుకో అయితే మూపురం మీదుగా కాదు, మూపురం దిగిన చోట వెనగ్గా వేయాలి. కింద గంగడోలు టేపులో ఇరుక్కోకూడదు. ఇప్పుడు అవతలి వైపుకు వెళ్లి చూడండి. చాలాసార్లు మన వైపు టేపు నిటారుగా ఉంటుంది, అవతల పొట్ట వైపు జారి ఉంటుంది. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఇదే. పొట్ట వైపు జారితే కొలత రెండు మూడు అంగుళాలు పెరుగుతుంది.

టేపు చర్మానికి ఆనాలి, కానీ చర్మం లోపలికి నొక్కుకోకూడదు. ఒక వేలు కింద దూరిస్తే కష్టం లేకుండా దూరాలి. పశువు ఊపిరి వదిలినప్పుడు అంకె చూడండి. మూడుసార్లు కొలిచి, మధ్య అంకె తీసుకోండి. మొదటిసారి పశువు బెదిరి ఒళ్లు బిగిస్తుంది కాబట్టి ఆ అంకె ఒక్కదాన్నే నమ్మకండి.

పొడవు ఎక్కడ నుంచి ఎక్కడి దాకా?

భుజం ముందు పొడుచుకుని కనిపించే ఎముక మొన నుంచి, తోక పక్కన పిర్ర ఎముక మొన దాకా. రెండూ చేత్తో తడిమితే గట్టిగా తగులుతాయి. టేపును ఒంటి వంపు మీద పరచకుండా గాలిలో తిన్నగా లాగి పట్టుకోవాలి. దీనికి ఇద్దరు కావాలి.

దర్జీ టేపు సరిపోతుందా?

దూడలకు, మేకలకు, గొర్రెలకు సరిపోతుంది. పెద్ద గేదెకు సరిపోదు. దర్జీ టేపు 60 అంగుళాలే, అంటే 150 సెంటీమీటర్లు. ఎదిగిన ముర్రా గేదె ఛాతీ 75, 80 అంగుళాల దాకా ఉంటుంది. అలాంటప్పుడు సాగని తాడు ఒకటి చుట్టి, రెండు కొసలు కలిసిన చోట వేలితో పట్టుకుని, ఆ తాడును నేల మీద పరచి ఇనుప టేపుతో కొలవండి. నైలాన్ తాడు లాగితే సాగుతుంది, వద్దు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. గుడ్డ టేపు పాతబడితే అదీ సాగుతుంది. ఇనుప స్కేలు పక్కన పెట్టి, రెండింటి 12 అంగుళాలూ కలుస్తున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

ఈ రెండు కొలతల నుంచి బరువు ఎలా వస్తుంది?

అంగుళాలలో కొలిస్తే సూత్రం ఇది:

```
బరువు (కిలోలు) = ఛాతీ × ఛాతీ × పొడవు ÷ 660
```

సెంటీమీటర్లలో కొలిస్తే 660 బదులు 10840 తో భాగించాలి. రెండూ కలపకండి, అంటే ఛాతీ అంగుళాల్లో, పొడవు సెంటీమీటర్లలో తీసుకోవద్దు.

మా గేదె ఛాతీ 78 అంగుళాలు, పొడవు 56 అంగుళాలు. 78 × 78 అంటే 6084. దాన్ని 56 తో గుణిస్తే 3,40,704. దాన్ని 660 తో భాగిస్తే 516 కిలోలు. ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో నిమిషం పని.

ఛాతీని రెండుసార్లు ఎందుకు గుణిస్తాం?

పశువు ఒంటిని అడ్డంగా పడుకోబెట్టిన పీపాగా ఊహించుకోండి. పీపా చుట్టుకొలత రెట్టింపు అయితే లోపల పట్టే నీళ్లు నాలుగింతలు అవుతాయి. పొడవు రెట్టింపు అయితే నీళ్లు రెండింతలే అవుతాయి. అందుకే ఛాతీ కొలతలో జరిగే తప్పు బరువులో రెండింతలుగా కనబడుతుంది. పై గేదెకు ఛాతీ 78 బదులు 79 అని రాసుకుంటే బరువు దాదాపు 13 కిలోలు పెరుగుతుంది. పొడవులో అంగుళం తేడా వస్తే 9 కిలోలే మారుతుంది. టేపు పొట్ట వైపు మూడంగుళాలు జారితే మాత్రం 40 కిలోల తేడా వస్తుంది.

కిలోలు ముద్రించిన టేపులు దొరుకుతున్నాయి, అవి కొంటే సరిపోతుంది కదా?

అవి ఛాతీ చుట్టుకొలత ఒక్కదాని నుంచే బరువు చెబుతాయి. పొడవు ఎంత ఉండాలో టేపు తయారు చేసినవాళ్లు ఏదో ఒక జాతిని చూసి ముందే అనుకున్నారన్నమాట. చాలా టేపులు హెచ్.ఎఫ్. లాంటి విదేశీ పాడి ఆవుల కోసం వేసినవి. ముర్రా గేదె ఒళ్లు వేరు, ఒంగోలు పశువు ఒళ్లు వేరు. కొనేముందు అది ఏ జాతికో చదవండి. రాసి లేకపోతే దాన్ని మామూలు సెంటీమీటరు టేపుగా వాడుకుని, పొడవు కూడా కొలిచి పై సూత్రంతో లెక్క కట్టండి. వీలైతే ఒక్క పశువునైనా లారీల కాటా మీదకో, సంతలోని కాటా మీదకో ఎక్కించి సరిచూసుకోండి. మీ పశువుల విషయంలో సూత్రం ఎటు వైపు తప్పుతోందో దాంతో అర్థమవుతుంది.

బరువు తెలిసింది. ఇప్పుడు మందు ఎన్ని మి.లీ.?

మూడు అంకెలు కావాలి. పశువు బరువు, కిలోకి పట్టాల్సిన మిల్లీగ్రాములు, ఒక మి.లీ. మందులో ఉన్న మిల్లీగ్రాములు.

ఆల్బెండజోల్ పశువులకు మామూలు గుండ్రటి నట్టలకైతే కిలోకి 7.5 మిల్లీగ్రాములు, కార్జపు జలగలకైతే కిలోకి 10 మిల్లీగ్రాములు వాడతారు. చెరువు గట్టున, కాలువ పక్కన మేసే గేదెలకు జలగల భయం ఎక్కువ కాబట్టి ఏది కావాలో పేడ పరీక్ష చూసి పశువైద్యుడు చెప్పాలి.

మూడో అంకె సీసా మీద శాతంగా ఉంటుంది. 2.5 శాతం అంటే 100 మి.లీ. లో 2.5 గ్రాములు, అంటే ఒక మి.లీ. లో 25 మిల్లీగ్రాములు. గుర్తు పెట్టుకోవడం సులభం, శాతాన్ని 10 తో గుణిస్తే ఒక మి.లీ. లో ఉన్న మిల్లీగ్రాములు వస్తాయి.

516 × 7.5 = 3870 మిల్లీగ్రాములు. 25 తో భాగిస్తే 155 మి.లీ. అదే జలగలకైతే 5160 మిల్లీగ్రాములు, అంటే 206 మి.లీ. మేం పోసింది 120 మి.లీ. అని పైన చెప్పాను కదా, కిలోకి 5.8 మిల్లీగ్రాములే పడింది.

సీసాలు రెండు రకాలుగా ఉన్నాయి. ఏదైనా ఒకటే కదా?

ఒకటి కాదు. 2.5 శాతంతో పాటు 10 శాతం మందు కూడా అమ్ముతారు. 10 శాతంలో ఒక మి.లీ. లో 100 మిల్లీగ్రాములు ఉంటాయి కాబట్టి అదే గేదెకు 39 మి.లీ. చాలు. రెండు సీసాలూ తెల్లటి చిక్కటి మందే, చూస్తే ఒకలాగే ఉంటాయి. 10 శాతం సీసాలోంచి 155 మి.లీ. పోస్తే నాలుగింతల మందు పడుతుంది. దానికి తోడు అలవాటైన అంకె నోటికి వస్తూ ఉంటుంది, "పోయినసారి ఇంతే పోశాం" అని. పోయినసారి సీసా ఏమిటో గుర్తుండదు. అందుకే మా పాకలో పశువు పక్కన మి.లీ. కాకుండా బరువు, తేదీ రాసి పెడతాం. మి.లీ. ఎప్పటికప్పుడు సీసా చూసి లెక్క కడతాం.

పోసేముందు సీసాను బాగా కుదపండి. మందు అడుగున పేరుకుంటుంది. కుదపకపోతే మొదటి పశువుకు నీళ్లు, చివరి పశువుకు మందు పడుతుంది.

టేపు లెక్కలో కొంత తేడా ఉంటుంది కదా. తక్కువ వైపు ఉంచాలా, ఎక్కువ వైపా?

సూత్రం పది శాతం అటూ ఇటూ తప్పవచ్చు అనుకుని లెక్క వేయడం మంచిది. మన గేదె నిజంగా 464 ఉండొచ్చు, 568 ఉండొచ్చు. ఆల్బెండజోల్ లాంటి మందుకు కొంచెం ఎక్కువ వైపు ఉంచడమే సరి. 155 బదులు 170 మి.లీ. పోస్తే, గేదె 568 కిలోలైనా కిలోకి 7.5 అందుతుంది. 464 అయినా 9.2 దాటదు, అది కూడా సురక్షితమే.

ఈ మాట అన్ని మందులకూ వర్తించదు. లెవమిసోల్ అనే నట్టల మందులో పనిచేసే కొలతకూ, విషమయ్యే కొలతకూ మధ్య దూరం తక్కువ. ఎక్కువైతే పశువు చొంగ కారుస్తుంది, వణుకుతుంది, నిలకడ లేకుండా అటూ ఇటూ తిరుగుతుంది. అలాంటి మందులను లెక్కకు మించి పోయకండి. ఇంజెక్షన్లు మీ చేత్తో చేయకండి. డాక్టరు గారికి ఫోన్ చేసినప్పుడు "పెద్ద గేదె సార్" అనకుండా ఛాతీ, పొడవు అంకెలు చెప్పండి. ఆయనకు అదే కావాలి.

బోలస్ బిళ్ల అయితే ఒకటి వేస్తే చాలంటారు?

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క వేస్తే తెలుస్తుంది. 3 గ్రాముల బిళ్ల కిలోకి 7.5 చొప్పున సరిగ్గా 400 కిలోల పశువుకు సరిపోతుంది. 516 కిలోల గేదెకు ఒక్కటి చాలదు. 3 గ్రాముల బిళ్లతో పాటు 1.5 గ్రాముల బిళ్ల ఒకటి కలిపితే 4500 మిల్లీగ్రాములు, అంటే కిలోకి 8.7 అవుతుంది. అది బాగానే ఉంటుంది.

చూడి గేదెకు కొలత ఎలా? మందు పట్టవచ్చా?

కొలత సంగతి చెబుతా. ఏడో నెల దాటాక కడుపులోని దూడ, ఉమ్మనీరు బరువును ఛాతీ టేపు చూడలేదు. నిజమైన బరువు కంటే లెక్క తక్కువ వస్తుంది, కానీ ఆ తేడా వల్ల మందు లెక్కకు పెద్ద ఇబ్బంది లేదు.

అసలు టెన్షన్ పడాల్సింది మొదటి నెలన్నర గురించి. ఆవులకు, గేదెలకు చూడి కట్టిన మొదటి 45 రోజుల్లో ఆల్బెండజోల్ పట్టకూడదు, పిండానికి హాని చేస్తుంది. గొర్రెలకు, మేకలకు మొదటి నెల. చిక్కు ఏమిటంటే ఆ రోజుల్లో చూడిదో కాదో మనకే తెలియదు. చూడి కోసం సూది వేయించిన తేదీ రాసుకుని ఉంటే తప్ప అంచనా వేయలేం. ఎదకు వచ్చి సూది వేయించిన గేదెకు నట్టల మందు పట్టాలంటే ముందు ఆ తేదీ డాక్టరు గారికి చెప్పండి. ఫెన్‌బెండజోల్ లాంటి వేరే మందు ఆయన రాయవచ్చు.

మేకలకూ గొర్రెలకూ ఒకే కొలతా?

కాదు. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. మేక ఒంట్లో ఈ మందులు గొర్రె ఒంట్లో కంటే త్వరగా కరిగి బయటికి పోతాయి. గొర్రె కొలత మేకకు పోస్తే మందు తగినంత సేపు పని చేయదు. ఆల్బెండజోల్ గొర్రెకు కిలోకి 7.5 అయితే, మేకకు 10 దాకా ఇస్తారు. 28 కిలోల మేకకు 2.5 శాతం మందు 11 మి.లీ. పడుతుంది. గొర్రె లెక్కన 8.4 తోనే ఆపేస్తాం.

సూత్రం వీటికీ పనికొస్తుంది. ఛాతీ 28 అంగుళాలు, పొడవు 24 అంగుళాలైతే 28.5 కిలోలు వస్తుంది. కానీ నా సలహా వేరే. 50 కిలోల లోపు జీవాలను గోనెసంచితో ఉయ్యాల కట్టి వేలాడే కాటాకు తగిలించండి, లేదా ఎత్తుకుని బరువు మిషన్ మీద నిలబడి మన బరువు తీసేయండి. చిన్న జీవంలో టేపు అంగుళం తప్పినా దాదాపు ఏడు శాతం తేడా వస్తుంది. దక్కని గొర్రెకు ఉన్ని ఉంటుంది కాబట్టి టేపు ఉన్ని కిందకు నొక్కి పట్టాలి. నెల్లూరు గొర్రెకు ఆ ఇబ్బంది లేదు.

మందలో యాభై ఉన్నాయి. ఒక్కొక్కటీ తూచగలమా? సగటు తీసుకుంటే?

సగటు తీసుకోకండి. మందలో 12 కిలోల పిల్లలు, 30 కిలోల గొర్రెలు, 48 కిలోల పొట్టేళ్లు ఉన్నాయనుకుందాం. అందరికీ 30 కిలోల లెక్కన 9 మి.లీ. పోస్తే పొట్టేలుకు కావాల్సిన 14.4 మి.లీ. లో మూడింట రెండు వంతులు కూడా పడదు. పిల్లకు రెండున్నర రెట్లు పడుతుంది. మందను పిల్లలు, గొర్రెలు, పొట్టేళ్లు అని మూడు గుంపులు చేయండి. ప్రతి గుంపులో చూడ్డానికి పెద్దవైన నాలుగైదు జీవాలను తూచి, వాటిలో అన్నిటికంటే బరువైనదాని లెక్కన ఆ గుంపుకంతా పోయండి.

పట్టేటప్పుడు జాగ్రత్త?

తల మరీ పైకి ఎత్తవద్దు, ముక్కు కళ్లకు సమంగా ఉంటే చాలు. కొద్దికొద్దిగా పోసి మింగనివ్వండి. దగ్గితే వెంటనే తల వదిలేయండి, మందు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మందు పట్టాక ఎన్ని రోజులు పాలు అమ్మకూడదో, ఎన్ని రోజులు కోతకు ఇవ్వకూడదో సీసా మీద రాసి ఉంటుంది, అది తప్పకుండా పాటించండి.

లెక్క సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది?

పశువు పుష్టిగా కనబడితే మందు పనిచేసినట్టు కాదు, కాలం మారినా మేత మారినా అలాగే కనబడుతుంది. మందు పట్టే రోజు ఉదయం వేడిగా పడిన పేడను, నేలకు తగలని పై భాగం నుంచి ఒక చిన్న డబ్బాలో తీసుకుని పశువైద్యశాలలో ఇవ్వండి. మళ్లీ 10 నుంచి 14 రోజుల మధ్య ఇంకోసారి ఇవ్వండి. గుడ్లు ఎన్ని తగ్గాయో రెండు పరీక్షలు కలిపి చెబుతాయి. సరైన బరువుకు, సరైన సీసాతో, ఒలికిపోకుండా పోసినా గుడ్లు బాగా మిగిలే ఉంటే, అప్పుడు మందే పని చేయడం లేదని అనుమానించి వేరే రకం మందు గురించి డాక్టరు గారితో మాట్లాడాలి. కొలత తెలియకుండా పోసినప్పుడు ఈ అనుమానం తీరదు, తప్పు మన చేతిదో మందుదో చెప్పలేం. మా గేదెకు రెండోసారి డాక్టరు గారిని అడిగి 170 మి.లీ. పోసి, పన్నెండో రోజు పేడ ఇచ్చాం. ఈసారి గుడ్లు కనిపించలేదు.